టూల్ స్టోర్స్‌కు ఎన్ని కౌంటర్లు? వెయిటింగ్ ఖర్చు, క్లర్కుల ఖర్చు కలిపి వేసే లెక్కపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ లెక్క ఏమిటి? ఒక్క మాటలో చెప్పగలరా?

కౌంటర్లు పెంచితే జీతాల ఖర్చు పెరుగుతుంది, క్యూలో నిలబడేవాళ్ల సమయం మిగులుతుంది. తగ్గిస్తే దీనికి తిరగబడుతుంది. ఈ రెండు ఖర్చులనూ రూపాయల్లోకి మార్చి కలిపితే, మొత్తం అతి తక్కువగా వచ్చే కౌంటర్ల సంఖ్య ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోవడమే ఈ లెక్క. రాసుకుంటే ఇంతే:

`TC(c) = Cs × c + Cw × Lq(c)`

`c` అంటే కౌంటర్ల సంఖ్య. `Cs` ఒక కౌంటర్ గంట ఖర్చు, `Cw` ఒక మనిషి గంటసేపు క్యూలో నిలబడితే అయ్యే ఖర్చు. `Lq` అంటే ఏ క్షణంలో చూసినా క్యూలో సగటున ఎంతమంది ఉంటారన్న సంఖ్య. కొంతమంది `Lq` స్థానంలో సగటు వెయిటింగ్ నిమిషాలు వేసేస్తారు, అది తప్పు. సగటున ముగ్గురు క్యూలో ఉన్నారంటే, గడిచిన ప్రతి గంటకూ మూడు మనిషి-గంటలు పోయినట్టు. అందుకే `Cw`ను గుణించాల్సింది మనుషుల సంఖ్యతో.

అందరూ బ్యాంకు కౌంటరో, సూపర్ మార్కెట్టో ఉదాహరణగా చెబుతారు. మీరు టూల్ స్టోర్స్ ఎందుకు ఎంచుకున్నారు?

బ్యాంకులో క్యూలో నిలబడేది ఖాతాదారు, జీతం ఇచ్చేది బ్యాంకు. ఒకరి సమయాన్ని ఇంకొకరి డబ్బుతో కలపడం ఎలా అన్న గొడవ అక్కడే మొదలవుతుంది. ఫ్యాక్టరీ టూల్ స్టోర్స్‌లో ఆ గొడవ లేదు. కిటికీకి అవతల డ్రిల్ బిట్, ఇన్సర్టులు, గేజ్ ఇచ్చే క్లర్కుకూ, ఇవతల చీటీ పట్టుకుని నిలబడ్డ ఫిట్టరుకూ జీతం ఒకే సంస్థ ఇస్తుంది. రెండు ఖర్చులూ ఒకే జేబులోంచి పోతాయి కాబట్టి కూడడంలో మోసం లేదు.

చరిత్రలో కూడా ఈ లెక్కకు దగ్గరి చుట్టం టూల్ స్టోర్సే. క్యూల గణితానికి పునాది వేసింది కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్. ఆయన ఫార్ములాలు 1917లో వచ్చాయి. న్యూయార్క్ పోర్ట్ అథారిటీ టోల్ బూత్‌ల మీద లెస్లీ ఈడీ చేసిన అధ్యయనం 1954లో అచ్చయింది. ఆ మరుసటి ఏడాదే, 1955లో, బోయింగ్ విమాన ఫ్యాక్టరీలో పనిముట్లు ఇచ్చే కౌంటర్ల దగ్గర ఎంతమంది క్లర్కులు ఉండాలన్న సమస్యపై జార్జెస్ బ్రిగమ్ వ్యాసం వచ్చింది. కింద నేను చేసేది అదే జాతి లెక్క, మన రూపాయల్లో.

లెక్క మొదలుపెట్టడానికి ఏం తెలియాలి?

నాలుగు అంకెలు: గంటకు ఎంతమంది వస్తారు, ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుంది, క్లర్కు గంట ఖర్చు, నిలబడ్డవాడి గంట ఖర్చు. ఈ పేజీ అంతా ఒకే ఉదాహరణతో నడుపుతాను. ఇది నేను లెక్క కోసం కల్పించిన యూనిట్, కానీ ఓ మోస్తరు మెషిన్ షాపులో కనిపించే పరిమాణాలే.

గంటకు 50 మంది వస్తారు. ఒక్కొక్కరికి సగటున 3 నిమిషాలు పడుతుంది, అంటే ఒక క్లర్కు గంటకు 20 మందిని పంపగలడు. పీఎఫ్, బోనస్, సెలవు జీతం అన్నీ కలుపుకుంటే క్లర్కుకు గంటకు రూ.150, నెలకు 26 రోజుల చొప్పున రూ.31,200. నిలబడ్డ మనిషికి గంటకు రూ.300.

గంటకు 50 మంది, ఒక్కో క్లర్కు 20 మంది. భాగిస్తే 2.5. అంటే ముగ్గురు చాలు కదా?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 50ని 20తో భాగిస్తే వచ్చే 2.5ను ఎర్లాంగ్ పేరుతోనే ‘2.5 ఎర్లాంగ్‌ల లోడ్’ అంటారు. ఏ క్షణంలోనైనా సగటున రెండున్నర మంది క్లర్కులకు పని ఉంటుందని దాని అర్థం. ఇద్దరుంటే క్యూ రోజంతా పెరుగుతూనే పోతుంది కాబట్టి ముగ్గురు కనీస అవసరం. అయితే కనీస అవసరం వేరు, చవకైన సంఖ్య వేరు.

మనుషులు 72 సెకన్లకొకరు చొప్పున గడియారం చూసుకుని రారు. ఒక నిమిషంలో నలుగురు వస్తారు, తర్వాత మూడు నిమిషాలు ఎవరూ రారు. ఆ ఖాళీ మూడు నిమిషాలు క్లర్కు దాచుకోలేడు. పోయిన ఖాళీ పోయినట్టే, వచ్చిన గుంపు మాత్రం వచ్చినట్టే ఉంటుంది. ముగ్గురు క్లర్కులు 83 శాతం సమయం పనిలో ఉంటే, గుంపు పడ్డప్పుడు కోలుకోవడానికి మిగిలేది 17 శాతమే. అందుకే లోడ్ సామర్థ్యానికి దగ్గరయ్యేకొద్దీ క్యూ ఒక్కసారిగా పెరుగుతుంది.

`Lq` ఎలా కట్టాలి? ఫార్ములా చూస్తే భయంగా ఉంది.

పుస్తకాల్లో ఎర్లాంగ్-సి ఫార్ములా ఫ్యాక్టోరియల్స్‌తో నిండి ఉంటుంది. వాటిని తాకకుండా చిన్న లూప్‌తో అదే జవాబు వస్తుంది. పైథాన్‌లో ఇలా:

```python
def lq(lam, mu, c):
    a = lam / mu
    if c <= a:
        return float("inf")
    b = 1.0
    for k in range(1, c + 1):
        b = a * b / (k + a * b)
    pw = b / (1 - (a / c) * (1 - b))
    return pw * a / (c - a)

for c in range(3, 7):
    print(c, round(150 * c + 300 * lq(50, 20, c)))
```

`lam` గంటకు వచ్చేవాళ్ల సంఖ్య, `mu` ఒక క్లర్కు గంటకు పంపగలిగేవాళ్ల సంఖ్య, `pw` అనేది వచ్చిన మనిషి క్యూలో నిలబడాల్సి వచ్చే సంభావ్యత. ఎక్సెల్‌లోనూ ఇదే పని ఒక కాలమ్‌లో చేసుకోవచ్చు: మొదటి గడిలో 1 వేసి, ప్రతి గడిలోనూ పై గడి విలువతో ఆ `b` లైను రాస్తూ కిందికి లాగి, ఆఖరి గడి మీద చివరి రెండు లైన్లు వేస్తే చాలు.

దీని వెనక ఒక ఊహ ఉంది. మనుషులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తారని, పని సమయాలు బాగా ఎగుడుదిగుడుగా ఉంటాయని, అందరూ ఒకే క్యూలో నిలబడి ఖాళీ అయిన కౌంటర్‌కు వెళతారని. దీన్నే `M/M/c` అంటారు. ఈ ఊహ ఎక్కడ చెడుతుందో కింద వస్తుంది.

మరి మన ఉదాహరణకు జవాబు ఎంత?

| కౌంటర్లు | క్యూలో సగటు మంది | సగటు వెయిటింగ్ | క్లర్కుల ఖర్చు (గంటకు) | వెయిటింగ్ ఖర్చు (గంటకు) | మొత్తం |
|---|---|---|---|---|---|
| 3 | 3.51 | 4.2 నిమిషాలు | రూ.450 | రూ.1,053 | రూ.1,503 |
| 4 | 0.53 | 38 సెకన్లు | రూ.600 | రూ.160 | రూ.760 |
| 5 | 0.13 | 9 సెకన్లు | రూ.750 | రూ.39 | రూ.789 |
| 6 | 0.03 | 2 సెకన్లు | రూ.900 | రూ.10 | రూ.910 |

నాలుగు కౌంటర్లు. కానీ ఈ పట్టికలో జవాబు కన్నా ఆకారం ముఖ్యం. నాలుగు నుంచి మూడుకు దిగితే గంటకు రూ.743 నష్టం. నాలుగు నుంచి ఐదుకు ఎక్కితే రూ.29. లోయకు ఒక పక్క కొండ, ఇంకో పక్క మైదానం. ఎటు తప్పు చేసినా ఒకటే అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

వెయిటింగ్ ఖర్చు రూ.300 అని ఎలా తేల్చారు? ఆ అంకె తప్పయితే లెక్కంతా తప్పే కదా?

అకౌంట్స్ విభాగంతో మీటింగ్ పెడితే గంటసేపు వాదన జరిగేది ఈ అంకె మీదే. ఫిట్టరు జీతమే వేయాలా? అతను నిలబడ్డంతసేపూ మెషిన్ ఆగిపోతే మెషిన్ అవర్ రేటు కూడా కలపాలా? ఆటోమేటిక్ సైకిల్‌లో మెషిన్ తనంతట తాను తిరుగుతుంటే ఏమీ పోలేదనాలా? నిజమైన విలువ ఒక్కో మనిషికీ ఒక్కోలా ఉంటుంది.

నా సలహా: ఆ వాదన ఆపేసి ప్రశ్నను తిరగేయండి. ‘వెయిటింగ్ ఖర్చు ఎంత?’ అని కాకుండా ‘వెయిటింగ్ ఖర్చు ఎంత నుంచి ఎంత దాకా ఉంటే నాలుగు కౌంటర్లు సరైనవి?’ అని అడగండి. దీనికి కచ్చితమైన జవాబు ఉంది.

మూడు నుంచి నాలుగుకు వెళితే క్యూ 3.51 నుంచి 0.53కి, అంటే దాదాపు 2.98 మంది తగ్గుతుంది. ఆ తగ్గుదల విలువ రూ.150 దాటాలంటే ఒక మనిషి-గంట విలువ రూ.50 దాటితే చాలు. నాలుగు నుంచి ఐదుకు వెళితే తగ్గేది 0.40 మంది, కాబట్టి ఐదో క్లర్కు గిట్టుబాటు కావాలంటే మనిషి-గంట రూ.372 దాటాలి. ఆరో క్లర్కు గిట్టుబాటు కావాలంటే దాదాపు రూ.1,555 దాటాలి.

అంటే రూ.50 నుంచి రూ.372 దాకా ఏ అంకె వేసినా జవాబు నాలుగే. రూ.372 నుంచి రూ.1,555 దాకా ఐదు. రూ.220నా, రూ.310నా అని కొట్టుకోవాల్సిన పనే లేదు. తేల్చాల్సింది ఒక్కటే: మనిషి నిలబడ్డప్పుడు మెషిన్ ఆగుతుందా, లేదా? జీతం మాత్రమే పోతుంటే నాలుగు. గంటకు రూ.800 రేటున్న మెషిన్ కూడా ఆగిపోతుంటే ఐదు. అది షాపు ఫ్లోర్‌లో ఒక పూట నిలబడితే తెలిసే విషయం.

రూ.50 నుంచి రూ.372, రూ.372 నుంచి రూ.1,555 లాంటి ఈ పట్టీలను ఇంకోలా కూడా వాడొచ్చు. ‘క్యూ కనబడకూడదు, ఆరుగురిని పెట్టండి’ అని ప్లాంట్ మేనేజరు అన్నాడనుకోండి. అంటే తన మనిషి గంట విలువ రూ.1,555 పైమాటే అని ఆయన ఒప్పుకున్నట్టే. ఆ మాట ఆయన ముందే పెడితే, నిజంగా అంత విలువ ఉందో లేదో ఆయనే చెబుతాడు.

నాలుగు, ఐదుకు తేడా రూ.29 మాత్రమే అన్నారు. నాలుగే పెట్టమంటారా, ఐదా?

అంకెలన్నీ రాతి మీద చెక్కినట్టు నిజమైతే నాలుగు. కానీ ‘గంటకు 50’ అనేది మీ అంచనా. ఆర్డర్లు పెరిగిన వారం 60 కావచ్చు, తగ్గిన వారం 40 కావచ్చు. ఆ మూడు పరిస్థితుల్లోనూ ఖర్చు ఇలా ఉంటుంది:

నాలుగు కౌంటర్లతో 40 మందికి రూ.652, 50 మందికి రూ.760, 60 మందికి రూ.1,058. ఐదు కౌంటర్లతో వరసగా రూ.762, రూ.789, రూ.856.

మూడు పరిస్థితులూ సమానంగా వస్తాయనుకుని సగటు తీస్తే నాలుగుకు రూ.823, ఐదుకు రూ.802. సగటు రాక ఇప్పటికీ 50 మందే, కానీ జవాబు ఐదుకు మారిపోయింది. లోయకు ఒక పక్క కొండ ఉండటం వల్ల వచ్చే ఫలితమే ఇది. రాక పెరిగినప్పుడు పడే దెబ్బ, తగ్గినప్పుడు మిగిలేదాని కన్నా ఎక్కువ. అందుకని తేడా స్వల్పంగా ఉన్నప్పుడు నేను పై సంఖ్య వైపే మొగ్గుతాను. ఐదో మనిషిని పూర్తిగా కిటికీ దగ్గర కట్టేయకుండా, వెనక రీగ్రైండింగ్‌కు వెళ్లే కట్టర్లు వేరుచేసే పని ఇచ్చి, క్యూలో ముగ్గురు కనబడగానే ముందుకు రమ్మంటే ఇంకా మంచిది.

గంటకు ఎంతమంది వస్తారో ఇష్యూ రిజిస్టర్ చూసి తీసుకోవచ్చా?

జాగ్రత్త. నేను ఈ తప్పు చేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను.

ఒక ఫ్యాక్టరీలో మూడు కౌంటర్ల టూల్ స్టోర్స్‌కు ఈ లెక్క వేయమన్నారు. రిజిస్టర్ తీసి, ఎక్కువ రద్దీ ఉండే గంటలో రెండు వారాల ఎంట్రీలు లెక్కపెట్టాను. 58, 60, 59, 60, 57... ఇలా వచ్చాయి. అంకెలు ఇంత నిలకడగా ఉన్నాయని సంతోషించి, గంటకు 59 అని రాసుకుని కూర్చున్నాను. మూడు కౌంటర్లు గంటకు 60 మందిని పంపగలవు, అంటే 98 శాతం లోడ్. ఫార్ములాలో వేస్తే క్యూలో దాదాపు 57 మంది ఉండాలి. వెళ్లి చూస్తే పదీ పన్నెండు మంది ఉన్నారు. ఫార్ములా పనికిరాదనుకున్నాను.

పనికిరానిది నా అంకె. రిజిస్టర్‌లో రాసేది సామాను ఇచ్చిన సమయం, మనిషి వచ్చిన సమయం కాదు. ముగ్గురు క్లర్కులు ఊపిరాడకుండా పనిచేస్తుంటే గంటకు అరవైకి మించి ఎంట్రీలు పడవు, బయట ఎంతమంది ఉన్నా సరే. నేను కొలిచింది రాకను కాదు, క్లర్కుల వేగాన్ని. తర్వాత తలుపు దగ్గర ఒక ట్రైనీని నిలబెట్టి లెక్కిస్తే ఆ గంటలో వచ్చినవాళ్లు 75 దాకా ఉన్నారు. క్యూ చూసి వెనక్కి తిరిగినవాళ్లు, పక్క మెషిన్ వాడి దగ్గర అరిగిన డ్రిల్ బిట్ అడిగి తీసుకున్నవాళ్లు రిజిస్టర్‌లో ఎక్కడా లేరు. అరిగిన బిట్‌తో వేసిన రంధ్రాలు మాత్రం ఇన్‌స్పెక్షన్‌లో కనబడ్డాయి.

ఆ అంకెల నిలకడే నన్ను హెచ్చరించి ఉండాల్సింది. ఎవరికి వారు యాదృచ్ఛికంగా వచ్చే మనుషుల సంఖ్య సగటు 60 అయితే, రోజుకూ రోజుకూ అది అరవై వర్గమూలం అంత, అంటే అటూఇటూ ఎనిమిది దాకా ఊగాలి. 48, 66, 57, 71 అని ఉంటే నమ్మొచ్చు. వరసగా 58, 60, 59 అని ఉందంటే పైన ఎక్కడో మూత బిగించి ఉన్నట్టు లెక్క.

దీనికి చెల్లెలు లాంటి తప్పు ఇంకోటి ఉంది. షిఫ్టు గంటలను ఎంట్రీల సంఖ్యతో భాగించి ‘ఒక్కొక్కరికి ఇంత సమయం’ అనేయడం. అందులో క్లర్కు ఖాళీగా కూర్చున్న సమయం కూడా కలిసిపోతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని యాభై, అరవై మందికి చీటీ అందుకున్న క్షణం నుంచి సంతకం అయ్యేదాకా కొలవడం తప్ప దారి లేదు.

అందరికీ 3 నిమిషాలు పట్టదు కదా? ఒకడికి నిమిషంన్నర, ఒకడికి పావుగంట.

అదే అసలు విషయం. `M/M/c` కొంత ఎగుడుదిగుడును ముందే ఊహించుకుంటుంది. పని సమయాల ప్రామాణిక విచలనం వాటి సగటుతో సమానమని దాని లెక్క. మీ దగ్గర అంతకన్నా ఎక్కువుంటే క్యూ పెరుగుతుంది, తక్కువుంటే తగ్గుతుంది. ఉజ్జాయింపుగా సరిచేయడానికి `Lq`ను దీనితో గుణించాలి:

`(Ca² + Cs²) / 2`

ఇక్కడ `Ca` రాకల మధ్య సమయాలకు, `Cs` పని సమయాలకు విచలనాన్ని సగటుతో భాగించగా వచ్చేది. (పైన ఖర్చుకు వాడిన `Cs`, ఇదీ వేరు. పుస్తకాలూ ఇలాగే తికమక పెడతాయి.)

మన స్టోర్స్‌లో నూటికి 90 మంది ఇన్సర్టులకో డ్రిల్ బిట్‌కో వచ్చి నిమిషంన్నరలో వెళ్లిపోతారనుకుందాం. మిగతా పదిమంది కాలిబ్రేషన్ చూసి ఇవ్వాల్సిన బోర్ గేజ్ లాంటివాటికి వచ్చి పదహారున్నర నిమిషాలు తీసుకుంటారు. సగటు మళ్లీ 3 నిమిషాలే. కానీ `Cs²` విలువ 2.25 అవుతుంది, గుణకం 1.625. నాలుగు కౌంటర్ల ఖర్చు రూ.860కి, ఐదు కౌంటర్లది రూ.814కి చేరుతుంది. సగటు రవ్వంత కూడా మారకుండా జవాబు మారిపోయింది.

ఇలాంటప్పుడు ఐదో క్లర్కు గురించి ఆలోచించే ముందు, ఆ పదిమందికి గేజ్‌లు ముందురోజే చీటీ పంపి సిద్ధం చేయించుకునే ఏర్పాటు చేయొచ్చేమో చూడండి. సగటు మనుషుల కోసం కాదు, ఆ పదిమంది కోసమే మీరు కొత్త కౌంటర్ కడుతున్నారు.

ఒక్కో కౌంటర్‌కు ఒక్కో క్యూ ఉంటే?

లెక్క బాగా చెడుతుంది. వచ్చినవాళ్లు ఏదో ఒక క్యూలో నిలబడి అందులోనే ఉండిపోతారనుకుంటే, నాలుగు విడి క్యూలలో కలిపి సగటున 4.17 మంది ఉంటారు. ఒకే క్యూ అయితే 0.53. ఖర్చు గంటకు రూ.1,850. ఒకే క్యూతో నడిచే మూడు కౌంటర్ల ఖర్చు కన్నా ఇది ఎక్కువ! నిజానికి మనవాళ్లు చిన్న క్యూ చూసుకుంటారు, పక్కది కదిలితే అందులోకి దూకుతారు, కాబట్టి ఇంత ఘోరంగా ఉండదు. అయినా కొలిమి షాపుకు ఒక కిటికీ, టర్నింగ్ షాపుకు ఒక కిటికీ అని బోర్డులు రాసి పెట్టి దూకడాన్ని కూడా ఆపేసిన చోట్లు చూశాను. అక్కడ ముందు చేయాల్సింది బోర్డులు తీసేయడం. దానికి జీతం ఇవ్వక్కర్లేదు.

షిఫ్టు మొదలవగానే అందరూ ఒకేసారి మీద పడతారు. దానికీ ఇదే ఫార్ములానా?

కాదు. `M/M/c` స్థిరంగా నడిచే గంటలకే. షిఫ్టు మొదట్లో రాక యాదృచ్ఛికం కాదు, సైరన్ కొట్టగానే వచ్చేదే. దానికి కాగితం మీద గీసే త్రిభుజం చాలు.

ఉదయం 6 గంటల నుంచి పావుగంటలో 60 మంది వస్తారనుకోండి. నాలుగు కౌంటర్లు ఆ పావుగంటలో 20 మందిని పంపుతాయి, 40 మంది మిగులుతారు. కొత్తగా ఎవరూ రాకపోయినా వాళ్లను పంపడానికి ఇంకో అరగంట. 45 నిమిషాల అడుగు, 40 మంది ఎత్తు ఉన్న త్రిభుజం వైశాల్యం 900 మనిషి-నిమిషాలు, అంటే 15 గంటలు, రూ.4,500. మిగతా షిఫ్టు ఎనిమిది గంటలూ కలిపి వెయిటింగ్‌కు పోయేది రూ.1,280. గంటకు సగటు 50 అని చెప్పి నాలుగు కౌంటర్లు తేల్చినవాడు, అసలు డబ్బు పోతున్న చోటును చూడనే లేదు.

అరగంటపాటు ఇంకో నలుగురిని తెచ్చి ఎనిమిది కిటికీలు తెరిస్తే త్రిభుజం 225 మనిషి-నిమిషాలకు కుంచించుకుపోతుంది, ఖర్చు రూ.1,125. ఆ నలుగురికి అరగంట జీతం రూ.300. రిసీవింగ్‌లోనో బిన్ కార్డుల దగ్గరో ఉన్నవాళ్లను ఆ అరగంటకు పిలుచుకుంటే కొత్త నియామకమే అక్కర్లేదు. అంతకన్నా చవకైనది, జాబ్ కార్డు చూసి రాత్రి షిఫ్టులోనే ఒక్కో మెషిన్‌కు ట్రే సర్ది పెట్టడం. అప్పుడు ఉదయం పని ట్రే అందించడమే, 3 నిమిషాలు కాస్తా అరనిమిషం అవుతుంది.

నాలుగు కౌంటర్లు పెడితే క్లర్కులు మూడో వంతుకు పైగా సమయం ఖాళీగా ఉంటున్నారని ఆడిట్‌లో అంటున్నారు.

నిజమే, 37.5 శాతం ఖాళీ. ఆ ఖాళీ కొనుక్కోవడానికే నాలుగో మనిషి. ఆ ఖాళీని తీసేస్తే గంటకు రూ.150 మిగులుతుంది, రూ.893 క్యూలో పోతుంది. ఆడిట్‌కు కనబడేది క్లర్కు కుర్చీ, కనబడనిది షాపులో ఖాళీగా ఉన్న మెషిన్. పై పట్టిక వాళ్ల చేతికివ్వండి.

కౌంటర్ దగ్గర సామాను తీసుకునే 3 నిమిషాలు కూడా సమయం పోయినట్టే కదా? దాన్ని ఎందుకు కలపలేదు?

కలపొచ్చు, జవాబు మారదు. ఎన్ని కౌంటర్లు పెట్టినా ఆ ఖర్చు గంటకు 2.5 × 300 = రూ.750 గానే ఉంటుంది, అన్ని వరసలకూ సమానంగా కలుస్తుంది. కానీ మనుషుల్ని పెంచడానికి బదులు బార్‌కోడ్ పెట్టి పనినే వేగం చేయాలా అని పోల్చేటప్పుడు మాత్రం దాన్ని తప్పక కలపాలి, ఎందుకంటే అక్కడ మారేదే అది.

ఫ్యాక్టరీ నాలుగింతలు పెరిగితే కౌంటర్లూ నాలుగింతలు చేయాలా?

అక్కర్లేదు. ఒకే స్టోర్స్, ఒకే క్యూ ఉంటే గంటకు 200 మందికి 13 లేదా 14 కౌంటర్లు సరిపోతాయి. ఆ రెండింటికీ తేడా గంటకు ఐదు రూపాయలే. 16 కావు. లోడ్ మీద పెట్టుకోవాల్సిన అదనపు మనుషులు లోడ్‌తో కాక, దాదాపు లోడ్ వర్గమూలంతో పెరుగుతారు. దీన్ని చూసి నాలుగు చిన్న స్టోర్స్‌ను కలిపి ఒక పెద్ద స్టోర్స్ చేసేద్దామనిపిస్తుంది. నడక మరచిపోకండి. గంటకు 200 మంది ఒక్కొక్కరు రానూపోనూ 2 నిమిషాలు అదనంగా నడిస్తే అదే గంటకు రూ.2,000. కలిపి మిగుల్చుకున్నదంతా నడకలోనే పోతుంది, పైన ఇంకా చేతినుంచి పడుతుంది.

దీన్నే బ్యాంకుకో, ఆస్పత్రి ఓపీకో వాడొచ్చా?

క్యూ గణితం వాడొచ్చు, ఖర్చు కూడిక మాత్రం ఆలోచించి చేయాలి. అక్కడ నిలబడ్డవాడి సమయం సంస్థ జేబులోంచి పోదు. బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్‌లో సంస్థకు నిజంగా పోయేది, క్యూ చూసి చీర అక్కడే పెట్టేసి వెళ్లిపోయిన కస్టమరు బేరం. అది నిమిషాలతో సమానంగా పెరగదు. మూడు నిమిషాల దాకా ఎవరూ పట్టించుకోరు, పది దాటితే లేచిపోతారు. ఓపీ దగ్గరైతే ‘పది మందిలో తొమ్మిది మందికి పది నిమిషాల్లోపు చీటీ అందాలి’ లాంటి లక్ష్యం పెట్టుకుని, ఆ లక్ష్యానికి సరిపడా కౌంటర్లు తేల్చి, ఆపైన మన పట్టీల లెక్కతో వెనక్కి వెళ్లి రోగి గంటకు ఎంత విలువ కట్టినట్టయిందో చూడటం మేలు. ఆ విలువ గంటకు నలభై, యాభై రూపాయలని తేలిన చోట, కొత్త కౌంటర్ ఎందుకు తెరవలేదో కమిటీలో వేరే వాదన అవసరం పడదు.

కౌంటర్ పెంచిన తర్వాత లెక్క నిజమైందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రద్దీ గంటలో ప్రతి ఐదు నిమిషాలకూ ఒకసారి క్యూలో ఎంతమంది ఉన్నారో ఒక కాగితం మీద రాయించండి, రెండు వారాలు చాలు. సగటు తీస్తే `Lq` వస్తుంది. దాన్ని తలుపు దగ్గర లెక్కించిన గంట రాకతో భాగిస్తే సగటు వెయిటింగ్ గంటల్లో వస్తుంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇది, దీనికి రాకలు ఎలా ఉన్నాయన్న ఊహ అవసరం లేదు. మన ఉదాహరణలో నాలుగు కౌంటర్లకు `Lq` 0.5 దగ్గర్లో రావాలి. 0.8, 0.9 వస్తే పని సమయాల్లో ఎగుడుదిగుడు ఎక్కువుందని అనుమానించి స్టాప్‌వాచ్ కాగితాలు మళ్లీ తీయండి. రెండు, మూడు వస్తే ఒక పని చేయండి: టీ వేళల్లో నాలుగు కిటికీల్లో నిజంగా ఎన్ని తెరిచి ఉంటున్నాయో వెళ్లి చూడండి.